ఆన్‌లైన్ ఆర్డర్లు ఉన్నట్టుండి పడిపోతే పట్టుకోవడం ఎలా? రోలింగ్ సగటు, సిగ్మా సూత్రంపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా నుంచి జీడిపప్పు, చేనేత బట్టలు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముకునేవాళ్లకీ, వాళ్ల సైట్లు చూసిపెట్టే కుర్రాళ్లకీ ఈ పేజీ. రోజుకి వంద నుంచి మూడు వందల ఆర్డర్లు వచ్చే కొట్టుని మనసులో పెట్టుకుని రాశాం. ఉదాహరణ అంతటికీ ఒకే కొట్టుని తీసుకున్నాం: పలాస నుంచి జీడిపప్పు పంపే సైట్, రోజుకి సగటున 160 ఆర్డర్లు. ఇది లెక్క చూపించడానికి ఊహించుకున్న కొట్టు, అంకెలు కూడా అలాంటివే. సూత్రాలు మాత్రం ఎవరి అంకెలకైనా అతుకుతాయి.

ఈ సూత్రం ఏం చెబుతుంది?

గతంలో ఇలాంటి సమయాల్లో ఎన్ని ఆర్డర్లు వచ్చాయో వాటి సగటు తీస్తాం. ఆ అంకెలు సగటుకి అటూ ఇటూ మామూలుగా ఎంత ఊగుతాయో కొలుస్తాం. ఆ ఊగుడు కొలతే స్టాండర్డ్ డీవియేషన్, బడి పుస్తకాల్లో ప్రామాణిక విచలనం. ఇక్కడ పొట్టిగా సిగ్మా అందాం. ఇప్పుడు వచ్చిన ఆర్డర్లు, సగటులోంచి మూడు సిగ్మాలు తీసేస్తే మిగిలే అంకె కన్నా తక్కువైతే అలారం మోగుతుంది.

```
హద్దు = సగటు − 3 × సిగ్మా
```

రోజులు గడిచేకొద్దీ పాత అంకె బయటికి పోయి కొత్తది లోపలికి వస్తుంది కాబట్టి దీన్ని రోలింగ్ సగటు అంటారు. సూత్రం ఇంతే. చిక్కులన్నీ దేని సగటు తీయాలి, ఎంతసేపటి ఆర్డర్లు లెక్కపెట్టాలి అన్న దగ్గరే ఉంటాయి.

గడిచిన 24 గంటల సగటుతో పోలిస్తే సరిపోదా?

సరిపోదు. చాలామంది మొదట చేసేది ఇదే. మన కొట్టుకి తెల్లవారుజామున గంటకి ఒక ఆర్డరు వస్తే, రాత్రి ఎనిమిదింటికి పందొమ్మిది వస్తాయి. 24 గంటల్నీ కలిపి సగటు తీస్తే గంటకి సుమారు 6.7 వస్తుంది. పగలూ రాత్రీ తేడా అంతా ఊగుడు లెక్కలోకి చేరిపోయి సిగ్మా కూడా దాదాపు 6 అవుతుంది. హద్దు 6.7 − 18, అంటే సున్నా కన్నా కిందకి పోతుంది. ఆర్డర్లు సున్నా కన్నా తగ్గలేవు కదా. ఆ అలారం పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

మంగళవారం రాత్రి 8–9 గంటని అంతకు ముందు ఎనిమిది మంగళవారాల రాత్రి 8–9 గంటలతోనే పోల్చండి. పగలూ రాత్రీ తేడా, వారాంతం తేడా రెండూ దాంతో పోతాయి. సైట్ కొత్తదై ఎనిమిది వారాల లెక్క లేకపోతే, వారంతో పనిలేకుండా గడిచిన 14 రోజుల్లో అదే గంటని తీసుకోండి. ఆదివారాల్లో కొంచెం తప్పుగా మోగుతుంది, అంతవరకు ఓర్చుకోవాలి.

లెక్క ఒకసారి చేసి చూపిస్తారా?

ఎనిమిది మంగళవారాల్లో రాత్రి 8–9 మధ్య వచ్చిన ఆర్డర్లు ఇవి అనుకుందాం: 18, 25, 14, 21, 16, 24, 19, 15.

మొత్తం 152, సగటు 19. ఒక్కో అంకెకీ సగటుకీ ఉన్న తేడాని వర్గం చేసి కలిపితే 116. దాన్ని ఎనిమిదితో కాదు, ఏడుతో భాగించాలి. ఉన్నవి నమూనా అంకెలు కాబట్టి ఒకటి తగ్గిస్తారు. 16.57 వస్తుంది, దాని వర్గమూలం 4.07. ఇదే సిగ్మా. హద్దు 19 − 12.2 = 6.8. ఈ మంగళవారం అదే గంటలో 6 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే అలారం మోగాలి.

ఏడా ఎనిమిదా అన్న చోట సాఫ్ట్‌వేర్లు ఒక దారిలో లేవు. పైథాన్ లైబ్రరీల్లో పాండాస్‌ `.std()` ఒకటి తగ్గించి భాగిస్తుంది, నంపై `np.std()` తగ్గించదు. గూగుల్ షీట్స్‌లో `STDEV.S` తగ్గిస్తుంది, `STDEV.P` తగ్గించదు. ఎనిమిది అంకెల మీద ఈ తేడా దాదాపు 7 శాతం. ఒకరు షీట్‌లో, ఇంకొకరు కోడ్‌లో చేసి అంకెలు కలవడం లేదని తగువుపడితే ముందు ఇక్కడ చూడండి.

సిగ్మా మరీ చిన్నదిగా వస్తే?

ఎనిమిది అంకెల నుంచి తీసిన సిగ్మా మీద పెద్ద నమ్మకం పెట్టుకోకూడదు. అది అసలు విలువకి పాతిక శాతం పైగా అటూ ఇటూ అవడం మామూలే. ఎనిమిది వారాలూ కాకతాళీయంగా 18, 19, 20 అంటూ దగ్గర దగ్గరగా వచ్చాయనుకోండి, సిగ్మా ఒకటికి దిగిపోతుంది. అప్పుడు 15 ఆర్డర్లు వచ్చినా అలారం మోగి నిద్ర లేపుతుంది.

దీనికి మంచి విరుగుడు ఉంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని కొనుగోలుదార్లు ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఆర్డర్లు పెడుతుంటే, ఆ లెక్క పాయిసాన్ పద్ధతిలో నడుస్తుంది. అందులో సిగ్మా అంటే సగటుకి వర్గమూలం. సగటు 19 అయితే 4.36. అసలు వ్యాపారంలో ఊగుడు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, తక్కువ ఉండడం అరుదు. కాబట్టి లెక్కలో వచ్చిన సిగ్మా, సగటు వర్గమూలం, ఈ రెండింట్లో పెద్దది వాడండి. మన ఉదాహరణలో 4.07 బదులు 4.36 తీసుకుంటే హద్దు 5.9 అవుతుంది. ఇకపై ఇదే వాడతాం.

మాకు గంటకి నాలుగైదు ఆర్డర్లే వస్తాయి. మాకు పనికొస్తుందా?

గంట లెక్కన పనికిరాదు, ఎందుకో చూస్తే ఈ సూత్రం సత్తా ఎంతో తెలిసిపోతుంది. సగటు 4 అయితే సిగ్మా 2. హద్దు 4 − 6, మళ్లీ సున్నా కిందే. సైట్ మొత్తం ఆగిపోయి ఒక్క ఆర్డరూ రాకపోయినా అలారం నోరు విప్పదు. సగటు 9 దాటితేనే మూడు సిగ్మాల హద్దు సున్నా పైకి వస్తుంది.

దీన్నే ఇంకోలా రాసుకోవచ్చు. ఈ సూత్రం పట్టుకోగల కనీస తగ్గుదల, సగటులో భాగంగా చూస్తే, 3 / √సగటు. సగటు 19 ఉంటే దాదాపు 69 శాతం పడిపోతే గానీ కనబడదు. 36 ఉంటే సగం పడాలి. 100 ఉంటే 30 శాతం చాలు. రోజు మొత్తం 160 తీసుకుంటే 24 శాతం తగ్గినా తెలుస్తుంది. ఇవన్నీ ఊగుడు కనీసంగా ఉన్నప్పటి అంకెలు, నిజంలో ఇంకొంచెం పెద్ద తగ్గుదలే కావాలి.

అంటే ఎంతసేపటి ఆర్డర్లు కలిపి లెక్కపెట్టాలో సూత్రం చెప్పదు, పట్టుకోవాల్సిన దెబ్బ ఎంతటిదో మీరు ముందు తేల్చుకోవాలి. సైట్ పూర్తిగా ఆగిపోవడం పట్టుకోవాలంటే ఆ సమయంలో సగటున 12 అయినా వచ్చే గడువు తీసుకోండి. 12 మీద హద్దు 1.6, అంటే సున్నా గానీ ఒకటి గానీ వస్తే మోగుతుంది. గంటకి నాలుగు వచ్చే చోట అది మూడు గంటలు. అమ్మకం సగానికి పడిపోవడం పట్టుకోవాలంటే 36 కావాలి, అదే కొట్టుకి తొమ్మిది గంటలు.

ఆర్డర్లు తక్కువున్నవాళ్లకి ఇంతకన్నా నప్పే పద్ధతి ఒకటుంది: చివరి ఆర్డరు వచ్చి ఎంతసేపైందో చూడడం. గంటకి సగటున r ఆర్డర్లు వస్తుంటే, t గంటల పాటు ఒక్కటీ రాకుండా ఉండే అవకాశం `exp(-r*t)`. r ని t తో గుణిస్తే 7 వచ్చేసరికి అది వెయ్యికి ఒకటి కన్నా కాస్త తక్కువ. గంటకి 2 వచ్చే వేళ మూడున్నర గంటల నిశ్శబ్దం, 19 వచ్చే వేళ 22 నిమిషాల నిశ్శబ్దం అలారానికి తగిన కారణం. పూర్తిగా ఆగిపోవడాన్ని ఇది గంటల లెక్క కన్నా ముందే పట్టేస్తుంది. సగం ఆగిపోవడాన్ని పట్టలేదు. అందుకని రెండూ పెట్టుకోవాలి.

యూపీఐ చెల్లింపులు ఆగిపోయాయి, అయినా అలారం మోగలేదు. సూత్రం తప్పా?

సూత్రం తప్పు కాదు, దానికి ఇచ్చిన అంకె తప్పు. మనకి ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే కాబట్టి నిమిషాలతో సహా చూద్దాం.

మన జీడిపప్పు కొట్టులో నూటికి డెబ్భై ఆర్డర్లు యూపీఐ, ముప్ఫై క్యాష్ ఆన్ డెలివరీ. మంగళవారం రాత్రి 8:10కి యూపీఐ చెల్లింపులు ఆగిపోయాయి. 8–9 గంటలో మామూలుగా 19 రావాలి. మొదటి పది నిమిషాల్లో అంతా బాగానే ఉంది, 3 వచ్చాయి, వాటిలో 2 యూపీఐవి. మిగతా యాభై నిమిషాల్లో రావలసిన పదహారింటిలో క్యాష్ ఆన్ డెలివరీవి మాత్రమే, సుమారు 5, వచ్చాయి. మొత్తం 8. హద్దు 5.9, అలారం లేదు.

తర్వాతి గంట 9–10 లో మామూలు సగటు 16, హద్దు 16 − 12 = 4. క్యాష్ ఆన్ డెలివరీవి 5 వచ్చాయి. ఇప్పుడూ అలారం లేదు. రెండు గంటల పాటు అమ్మకంలో డెబ్భై శాతం పోయింది, పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు యూపీఐ ఆర్డర్లని విడిగా లెక్కపెడదాం. 8–9 గంటలో వాటి సగటు 13.3, సిగ్మా 3.65, హద్దు 2.4. వచ్చినవి 2. తొమ్మిది కొట్టగానే మోగుతుంది. నిజమే, ఇది అంచు మీద గెలుపు. ఆ పది నిమిషాల్లో ఇంకొక్క యూపీఐ ఆర్డరు వచ్చుంటే తప్పిపోయేది. అందుకే గడియారం గంటల్ని పట్టుకుని వేలాడకుండా, ప్రతి పది నిమిషాలకీ గడిచిన అరవై నిమిషాల్ని చూడమంటాం. 9:10కి వెనక్కి చూస్తే అరవై నిమిషాల్లో యూపీఐ ఆర్డర్లు సున్నా, రావలసినవి పన్నెండు పదమూడు. ఇక తప్పే మార్గం లేదు.

విడగొట్టకుండానే రెండు గంటలు కలిపి చూసినా దొరికేది: రావలసినవి 35, సిగ్మా 5.9, హద్దు 17, వచ్చినవి 13. కాకపోతే పది గంటలకి గానీ తెలియదు.

అలాగని అన్నిటినీ విడగొట్టుకుంటూ పోకండి. చెల్లింపు విధానం, ఊరు, ఫోనా కంప్యూటరా, సరుకు రకం అంటూ నాలుగు వైపులా కోస్తే ఒక్కో ముక్కలో సగటు 9 కిందకి పడి, అన్నీ కలిసి గుడ్డివైపోతాయి. ఏది విడిగా చెడిపోగలదో దాన్నే విడగొట్టండి. చెల్లింపు విధానం అలాంటిది. పావుకిలో ప్యాకెట్టా అరకిలో ప్యాకెట్టా అన్నది కాదు.

ఇప్పటి గంటని కూడా సగటులో కలిపితే నష్టమేంటి?

అలారం ఎప్పటికీ మోగదు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. n అంకెల్లో ఏ ఒక్కటైనా, తానూ కలిసి ఉన్న సగటు నుంచి (n−1)/√n సిగ్మాల కన్నా దూరం పోలేదు. n ఎనిమిదైతే అది 2.47. మూడు సిగ్మాలు దాటడం గణితమే ఒప్పుకోదు, మీ ఆర్డర్లు సున్నా అయినా సరే. మూడు దాటే వీలు రావాలంటే కనీసం పదకొండు అంకెలు ఉండాలి, అప్పుడూ బొటాబొటిగానే. కోడ్‌లో ఇప్పటి అంకెని సగటులోంచి తప్పించే `shift(1)` ఒక్కటి మరిచిపోతే జరిగేది ఇదే.

ఒకసారి సైట్ ఆగిపోయినప్పుడు బాగానే మోగింది. తర్వాత రెండు నెలలు మూగబోయింది. ఎందుకు?

ఆగిపోయిన గంట, సగటు తీసే ఎనిమిది వారాల కిటికీలోకి చేరిపోయింది కాబట్టి. పై అంకెల్లో పాతదైన 18 పోయి, కొత్తగా 0 వచ్చి చేరిందనుకోండి. సగటు 19 నుంచి 16.75కి దిగుతుంది, అది పెద్ద నష్టం కాదు. సిగ్మా మాత్రం 4.07 నుంచి 7.9కి ఎగురుతుంది. హద్దు సున్నా కన్నా దాదాపు 7 కింద. ఆ ఒక్క సున్నా బయటికి పోయేదాకా, అంటే ఎనిమిది వారాలు, మంగళవారం రాత్రి ఎనిమిదింటికి మీకు కాపలా లేదు.

పెద్ద అమ్మకం రోజు కూడా ఇలాగే చెడగొడుతుంది, ఇంకా ఎక్కువగా. 15 బదులు ఆఫర్ పెట్టిన సాయంత్రం 62 వచ్చి ఉంటే సగటు 24.9, సిగ్మా 15.5, హద్దు మైనస్ 21.5. అమ్మకం బాగా జరిగిన రోజే మీ అలారాన్ని చంపేస్తుంది.

అలారం నిజమని తేలిన గంటల్నీ, ఆఫర్ గంటల్నీ ఒక జాబితాలో రాసి, సగటు తీసేటప్పుడు పక్కన పెట్టడమే నమ్మకమైన మార్గం. 62 తీసేసి మిగిలిన ఏడింటితో లెక్క కడితే సగటు 19.6, అంతా మళ్లీ దారిలోకి వస్తుంది. జాబితా రాసే ఓపిక ఎవరికీ ఉండదనుకుంటే సగటు బదులు మధ్యగతం వాడండి. 62తో కలిపి ఆ ఎనిమిది అంకెల మధ్యగతం 20. ఒక్కో అంకె దాన్నుంచి ఎంత దూరమో తీసి, ఆ దూరాల మధ్యగతం చూస్తే 4. దాన్ని 1.4826తో గుణిస్తే సిగ్మాకి సమానమైన కొలత 5.9. హద్దు 2.2. మొదటి పద్ధతి అంత చురుకు కాదు గానీ, 62 ఉన్నా బతికే ఉంది.

సంక్రాంతికీ సిరిమానోత్సవానికీ తుపానుకీ ఏం చెయ్యాలి?

ముందు మీ కొనుగోలుదార్లు ఎక్కడున్నారో చూసుకోండి. పలాస జీడిపప్పు కొనేది హైదరాబాదూ బెంగళూరూ అయితే, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మీ ఆర్డర్లకి ఏమీ కాదు. అదే విజయనగరం ఊళ్లోనే టిఫిన్లూ స్వీట్లూ ఇంటికి పంపే సైట్ అయితే ఆ మంగళవారం లెక్కలన్నీ తారుమారవుతాయి. ఆ ఉత్సవం ఏటా దసరా తర్వాత వచ్చే మంగళవారం, కాబట్టి ముందే తెలిసిన తేదీ. అలాంటి రోజుల్ని క్యాలెండర్‌లో పెట్టి ఆ రోజు సూత్రాన్ని ఆపండి, ఆ రోజు అంకెల్ని కిటికీలోకి రానివ్వకండి. చివరి ఆర్డరు నుంచి గడిచిన సమయం చూసే అలారాన్ని మాత్రం ఆపొద్దు.

సంక్రాంతిలో అసలు చిక్కు భోగి రోజున కాదు, పండగ ముందు వారాల్లో ఉంటుంది. ఊరికి తీసుకెళ్లడానికని ఆర్డర్లు పెరుగుతాయి, సగటు కూడా వాటితో పైకి పోతుంది. పండగ అయ్యాక మామూలు స్థాయికి వచ్చినా సూత్రానికి అది పతనంలా కనిపించవచ్చు. పండగ ముందు రెండు వారాల్ని కిటికీలోంచి తీసేస్తే సరిపోతుంది.

తుపాను వేరే రకం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున రెండు సంగతులు కలిసిపోతాయి: జిల్లాలో కొనేవాళ్లకి కరెంటూ సిగ్నలూ లేకపోవడం, మీ కొట్టులోనే ఏదైనా ఆగిపోవడం. డెలివరీ పిన్‌కోడ్ మొదటి మూడంకెలు చూస్తే విడిపోతాయి. 532 శ్రీకాకుళం వైపు, 535 విజయనగరం వైపు. ఈ రెండింట్లోనే తగ్గి మిగతావి నిలకడగా ఉంటే కారణం వాతావరణం. హైదరాబాదు ఆర్డర్లు కూడా పడిపోతే కారణం మీ దగ్గరే ఉంది. బహుశా ఆర్డర్లు రాసుకునే కంప్యూటరు కొట్టులోనే ఉండి, కరెంటు పోయి ఉంటుంది.

డేటా తయారు చేసేటప్పుడు ఏం చెడుతుంది?

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది సున్నా గంటలు. డేటాబేస్‌లో గంటల వారీగా `GROUP BY` చేస్తే, ఆర్డరు రాని గంటకి వరసే ఉండదు. సున్నా అని రాదు, ఆ గంటే మాయమవుతుంది. సైట్ ఆగిపోయిన గంటని సూత్రం చూడనే చూడదు. గంటల జాబితా విడిగా తయారుచేసి, ఆర్డర్లని దానికి కలిపి, లేనిచోట సున్నా పెట్టాలి. పాండాస్‌లో `resample` మధ్యలో ఖాళీల్ని నింపుతుంది గానీ చివరి ఆర్డరు తర్వాతి గంటల్ని నింపదు. మనకి కావలసినవి సరిగ్గా అవే.

రెండోది, ఇంకా పూర్తికాని గంట. 8:20కి 8–9 గంటని చూస్తే ఎప్పుడూ పతనంలాగే ఉంటుంది. ముగిసిన గంటల్నే తీసుకోండి. ఆర్డరు వివరాలు డేటాబేస్‌కి ఆలస్యంగా చేరే సైట్ అయితే గంట ముగిశాక ఇంకో ఐదు నిమిషాలు ఆగండి.

మూడోది సమయం. చాలా సైట్లు ఆర్డరు వేళని ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో దాచుకుంటాయి, మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. ఆ అర గంట వల్ల యూటీసీ గంట మనకి 7:30 నుంచి 8:30 అవుతుంది, యూటీసీ మంగళవారం మనకి పొద్దున్న అయిదున్నరకి మొదలవుతుంది. అన్ని అంకెలూ యూటీసీలోనే ఉంటే సూత్రం పనిచేస్తుంది. సైట్ లెక్క యూటీసీలో, క్యాలెండర్‌లో పండగ తేదీలు మన సమయంలో ఉంటేనే తప్పు దొర్లుతుంది.

కోడ్ ఇస్తారా?

`df` లో `created_at` అనే నిలువు వరస యూటీసీలో ఉందనుకుందాం.

```python
import numpy as np, pandas as pd
t = pd.to_datetime(df["created_at"], utc=True).dt.tz_convert("Asia/Kolkata")
h = pd.Series(1, index=t).sort_index().resample("1h").sum()
end = pd.Timestamp.now("Asia/Kolkata").floor("h") - pd.Timedelta(hours=1)
h = h.reindex(pd.date_range(h.index[0], end, freq="1h"), fill_value=0)

g = h.groupby([h.index.dayofweek, h.index.hour])
m = g.transform(lambda x: x.shift(1).rolling(8, min_periods=6).mean())
s = g.transform(lambda x: x.shift(1).rolling(8, min_periods=6).std())
low = m - 3 * np.maximum(s, np.sqrt(m))
alarm = h < low
blind = low <= 0
```

పక్కన పెట్టాల్సిన గంటలుంటే `g` కి ముందు వాటి స్థానంలో `np.nan` పెట్టండి. `min_periods=6` ఉంది కాబట్టి ఎనిమిదింట్లో రెండు పోయినా లెక్క నడుస్తుంది. చివరి వరస `blind` ని తప్పకుండా చూడండి. వారంలోని 168 గంటల్లో ఎన్నింట్లో ఈ అలారం పనిచేయలేదో అది చెబుతుంది. మన కొట్టుకి రాత్రి పన్నెండు నుంచి పొద్దున్న ఏడు దాకా అంతా గుడ్డే. ఆ వేళకి చివరి ఆర్డరు పద్ధతే గతి.

షీట్స్‌లో చేసేవాళ్లకి, ఎనిమిది వారాల అంకెలు `B2` నుంచి `B9` దాకా, ఈ వారంది `B10` లో ఉంటే:

```
=B10 < AVERAGE(B2:B9) - 3*MAX(STDEV.S(B2:B9), SQRT(AVERAGE(B2:B9)))
```

మూడు సిగ్మాలే ఎందుకు? రెండు పెడితే ఇంకా ముందే తెలుస్తుంది కదా?

తెలుస్తుంది, ఊరికే మోగడమూ పెరుగుతుంది. అంకెలు గుడిగంట ఆకారపు నార్మల్ వక్రాన్ని పాటిస్తే, ఏ కారణం లేకుండా మూడు సిగ్మాల కిందకి పోయే అవకాశం 0.135 శాతం. గంటకొకసారి చూస్తే నెలకి ఒక ఉత్త అలారం. రెండు సిగ్మాలకి అది 2.28 శాతం, రెండు రోజులకి ఒకటి. రెండు వారాల్లో అందరూ ఆ మెసేజ్‌ని మ్యూట్ చేసేస్తారు. మీ మనుషులు ఎన్ని ఉత్త అలారాలు ఓర్చుకుంటారో దాన్ని బట్టి అంకె ఎంచుకోండి. యూపీఐకి ఒకటి, మొత్తానికి ఒకటి అంటూ అలారాలు పెంచుకుంటే ఉత్తవీ అదే లెక్కన పెరుగుతాయని మరవద్దు.

మోగింది. మొదట ఏం చూడాలి?

ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ సైట్‌లోనే అన్నిటికన్నా చవకైన సరుకు ఒకటి యూపీఐతో కొనండి. రెండు నిమిషాల పని. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

ఆ తర్వాత ఎక్కడ తెగిందో చూడాలి. సైట్‌కి వచ్చేవాళ్లే తగ్గితే ప్రకటన డబ్బు అయిపోయిందా, డొమైన్ గడువూ సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువూ ముగిశాయా చూడండి. వస్తున్నారు, బుట్టలో వేస్తున్నారు, చెల్లింపు దగ్గర ఆగిపోతున్నారంటే తప్పు పేమెంట్ గేట్‌వేది. గేట్‌వే ఖాతాలో డబ్బు పడుతూ మీ ఆర్డర్ల పట్టికలో ఏమీ లేకపోతే అది అన్నిటికన్నా చెడ్డ రకం. గేట్‌వే నుంచి మీ సైట్‌కి రావలసిన వెబ్‌హుక్ అందడం లేదు, కొన్నవాళ్ల డబ్బు పోయింది, ఆర్డరు లేదు. అప్పుడు గేట్‌వే జాబితా దించుకుని చేత్తో ఆర్డర్లు రాయాలి.

ఆర్డర్లు వారం వారం మెల్లగా తగ్గుతున్నాయి. ఇది పట్టుకుంటుందా?

పట్టుకోదు. వారానికి 5 శాతం చొప్పున తగ్గుతుంటే, ఎనిమిది వారాల సగటు కూడా వెనకే దిగుతూ వస్తుంది. ఏ వారం చూసినా ఇప్పటి అంకె సగటు కన్నా 21 శాతమే తక్కువ. గంట లెక్కకి 69 శాతం కావాలి. సరే, వారం మొత్తం తీసుకుందాం, వెయ్యికి పైగా ఆర్డర్లు కదా అంటారా, అక్కడ ఇంకో మెలిక ఉంది. దిగుతున్న అంకెల మధ్య తేడా కూడా సిగ్మాలోకి చేరి, సగటులో పన్నెండున్నర శాతం అవుతుంది. మూడింతలు చేస్తే 37 దాటుతుంది. కాబట్టి అక్కడా మోగదు. ఎనిమిది వారాలకి అమ్మకంలో మూడో వంతు పోయి ఉంటుంది.

దీనికి సిగ్మా వద్దు. గడిచిన నాలుగు వారాల మొత్తాన్ని అంతకు ముందు నాలుగు వారాల మొత్తంతో పోల్చండి. 4,480 నుంచి 3,650కి వస్తే 18.5 శాతం తగ్గుదల. ఇంత పెద్ద మొత్తాల్లో కాకతాళీయపు ఊగుడు రెండు శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి, పది శాతం దాటిన ప్రతిసారీ కారణం వెతకొచ్చు. పండగ ముందు వారాలు ఏదో ఒక వైపు పడితే మాత్రం ఈ పోలిక చెల్లదు. అప్పుడు నిరుడు అవే పండగ వారాలతో పోల్చుకోవాలి.